కఠినమైన ప్రాచీన పద్యాన్ని విద్యార్థుల కోసం వచనంలో చెప్పడం ఎలా: ‘అటఁ జని కాంచె’తో ఒక అభ్యాసం

సమాసాలు దట్టంగా ఉన్న పద్యాన్ని తేలిక వచనంలోకి దించేటప్పుడు మాటల అర్థాలు చాలావరకు మిగులుతాయి. పోయేది ఆ మాటల మధ్య సంబంధం. ఏది దేనివల్ల జరిగింది, ఏది దేన్ని అంటిపెట్టుకుని ఉంది, కవి దేన్ని ముందు చూపించి దేన్ని చివరిదాకా దాచాడు అన్నవి జారిపోతాయి. వాటిని నిలబెట్టుకుంటూ వచనం రాసే పద్ధతిని ఒక్క పద్యం మీద మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. ఇది 16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రలోది.

అటఁ జని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

కథలో సందర్భం ఇది. సిద్ధుడు ఇచ్చిన లేపనం కాళ్ళకు పూసుకుని ప్రవరుడు హిమాలయానికి వెళ్ళాడు. అక్కడికి చేరగానే అతని కళ్ళముందు నిలిచింది ఈ పద్యం. వచనం మొదలుపెట్టే ముందు ఈ రెండు వాక్యాల సందర్భాన్ని విద్యార్థికి విడిగా చెప్పేయండి. దాన్ని పద్యార్థంలో కలిపేస్తే, పద్యంలో కవి చెప్పినదేదో మీరు కథలోంచి తెచ్చినదేదో పిల్లలకు తెలియదు.

ముందు చప్పగా రాసిన వచనాన్ని చూడండి

“ప్రవరుడు అక్కడికి వెళ్ళి హిమాలయ పర్వతాన్ని చూశాడు. దాని శిఖరాలు చాలా ఎత్తుగా ఉన్నాయి. అక్కడ సెలయేళ్ళు పారుతున్నాయి. నెమళ్ళు నాట్యం చేస్తున్నాయి. ఏనుగులు చెట్లను ఊపుతున్నాయి.”

ఇందులో తప్పని పట్టుకోగలిగిన వాక్యం ఒక్కటీ లేదు. పరీక్షలో మార్కులు కూడా వస్తాయి. కానీ సెలయేటికీ నెమలికీ సంబంధం తెగిపోయింది. పద్యంలో ఆ రెండిటినీ కలిపేది మృదంగం. అది ఇక్కడ కనిపించనే లేదు. మిగిలింది ఒక జాబితా. ఏ కొండ గురించి రాసినా సరిపోయే జాబితా.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, చాలామంది ప్రతిపదార్థం రాసుకుని, అందులోంచి తెలిసిన నామవాచకాలను ఏరుకుని, ఒక్కోదానికి ఒక్కో వాక్యం కట్టేస్తారు. ప్రతిపదార్థానికీ తాత్పర్యానికీ మధ్య అన్వయం అనే మెట్టు ఒకటి ఉంది. దాన్ని దాటేయడం వల్ల వచ్చే నష్టం ఇది.

మొదటి పని: పదాలు విడదీయడం, విడదీసింది సరైనదో కాదో చూసుకోవడం

పద్యాన్ని రెండు మూడుసార్లు పైకి చదవండి. మొదట ఛందస్సుకు తగ్గట్టు, తరవాత మాటలు విరుస్తూ. ఇది చంపకమాల, పాదానికి 21 అక్షరాలు, యతి 11వ అక్షరం మీద. మొదటి పాదంలో ‘అట’లోని అకారానికి యతి ‘డం’ దగ్గర పడుతోంది. అంటే అక్కడ ‘భూమిసురుఁడు’ ముగిసి ‘అంబర’ మొదలవుతోందని ఛందస్సే చెబుతోంది. విరుపు ఎక్కడో తోచనప్పుడు యతిస్థానం వైపు ఒకసారి చూడండి.

సంధులు విప్పేటప్పుడు తప్పుదారి పట్టించే చోట్లు ఈ పద్యంలో మూడున్నాయి. మొదటిది ‘జని’. అది పుట్టడానికి సంబంధించిన మాట కాదు, ‘చని’, అంటే వెళ్ళి. ‘అటన్’ అన్న ద్రుతాంతం తరవాత చకారం జకారమైంది. మూడోది ‘లుఠదభంగ’. దాన్ని లుఠత్, అభంగ అని విడదీయాలి. ‘దభంగ’ అనే మాట లేదు.

రెండోది ‘శిరస్సరజ్ఝరీ’. దీని దగ్గర కొంచెం నిలబడాలి. పైపైన చూస్తే ఇందులో ‘సరస్సు’ ఉన్నట్టు అనిపిస్తుంది. శిఖరాల మీది సరస్సులు, వాటి నుంచి పుట్టిన సెలయేళ్ళు అని అర్థం కూడా చక్కగా అమరుతుంది. అమరింది కదా అని తీసుకుంటే పొరపాటే. ‘సరస్’ అనే మాట తరవాత ‘ఝరీ’ వస్తే సంధిలో అది ‘సరోఝరీ’ అవుతుంది. ఇక్కడ ‘సరజ్ఝరీ’ అని ఉంది కాబట్టి విడదీస్తే వచ్చేది సరత్, ఝరీ. తకారం పక్కన ఝకారం వచ్చి జకారంగా మారింది. సరత్ అంటే కదులుతున్న, జారుతున్న. శిఖరాల మీంచి జారుతున్న సెలయేళ్ళు. అంటే ఇక్కడ నిలవనీరు లేదు, నీరంతా కదులుతూనే ఉంది. తరవాత వచ్చే మోతకు ఈ కదలికే మూలం. కాబట్టి ఈ చిన్న సంధి తప్పితే పద్యం మొదట్లోనే బలం పోతుంది.

అర్థాలకు నిఘంటువు తెరిచినప్పుడు మొదట కనిపించిన అర్థం దగ్గర ఆగకండి. ‘కటకం’ అంటే కంకణం ఉంది, సైన్యం ఉంది, రాజధాని ఉంది. కొండ నడుమ భాగం, చరియ అన్నదీ ఉంది. ఇక్కడ పనికొచ్చేది చివరిది. ‘సాలం’ ఒక చెట్టు పేరు, మామూలుగా చెట్టు అని కూడా అర్థం. ‘కరేణువు’ ఆడ ఏనుగూ కావచ్చు, ఏనుగూ కావచ్చు. ఇలాంటి చోట వచనంలో విశాలమైన అర్థం రాసి, ఇరుకైనదాన్ని పక్కన చెప్పడం మేలు. ‘ఏనుగులు’, ‘చెట్లు’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

రెండో పని: క్రియను పట్టుకుని ప్రశ్నలు అడగడం

సంస్కృత కావ్యాలు చెప్పేవాళ్ళు దీన్ని ఖండాన్వయం అంటారు. ముందు ప్రధాన క్రియను పట్టుకుంటారు. దాని చుట్టూ ఒక్కో ప్రశ్నే వేస్తూ మిగతా పద్యాన్ని లాగుతారు. తెలుగు పద్యానికీ ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

క్రియ: కాంచె, చూశాడు. ఎవరు? భూమిసురుడు. ఏం చేసి? అట చని. దేన్ని? శీతశైలాన్ని. ఎలాంటి శైలాన్ని? ఇక్కడే మిగతా పద్యమంతా ఉంది. రెండు పెద్ద సమాసాలు, రెండూ కొండకు విశేషణాలే. మొదటిది ‘అంబర’ నుంచి ‘జాలము’ దాకా, దాదాపు 20 మాటలు. రెండోది ‘కటక’ నుంచి ‘సాలము’ దాకా, 6 మాటలు. అలాంటి నెమళ్ళ గుంపు కలది, అలా ఊగే చెట్లు కలది అని బహువ్రీహిగా తీసుకోవాలి.

ప్రశ్నలు వేయకుండా చదివితే, ‘జాలమున్’ దగ్గర ఆగి నెమళ్ళను చూశాడనీ, తరవాత చెట్లను చూశాడనీ, ఆ తరవాత కొండను చూశాడనీ మూడు చూపులు చేసేస్తారు. పద్యంలో ఉన్నది ఒక్కటే చూపు. నీరూ మోతా నెమళ్ళూ ఏనుగులూ అన్నీ ఆ కొండలో భాగాలు. మీ వచనంలో కూడా చివరికి అన్నీ కొండకు వచ్చి చేరాలి.

ఇప్పుడు పెద్ద సమాసంలోకి వెళ్ళి, ప్రతి రెండు మాటల మధ్యా ‘అయితే ఏమైంది’ అని అడగండి. ఆకాశాన్ని ముద్దాడే శిఖరాలు. వాటి మీంచి జారే సెలయేళ్ళు. ఒకటి రెండు కాదు, గుంపులు. వాటిలో మళ్ళీ మళ్ళీ పొర్లే అలలు, తెగని అలలు. ఆ అలలే మృదంగాలు. వాటి ధ్వని. ఆ ధ్వనికి స్ఫుటమైన నాట్యం. ఆ నాట్యానికి అనుకూలంగా పూర్తిగా విచ్చుకున్న పురులు. ఆ పురులున్న నెమళ్ళ గుంపు. ఎత్తు వల్ల జారుడు, జారుడు వల్ల అల, అల వల్ల మోత, మోత వల్ల ఆట. పెద్దన సమాసాన్ని పొడిగించింది పాండిత్యం చూపడానికేనని పిల్లలు అనుకుంటారు. ఈ గొలుసు కనిపిస్తే ఆ మాట అనరు. ఒక కారణం ఇంకో కారణాన్ని పుట్టిస్తూ పోవడాన్ని మధ్యలో తెగకుండా చెప్పాలంటే ఒకే సమాసంగా కట్టడమే దారి.

మూడో పని: ఎక్కడ విరవాలో నిర్ణయించడం

గొలుసు తెగకూడదని మొత్తాన్ని ఒకే వాక్యంగా రాస్తే ఏమవుతుంది? “ఆకాశాన్నంటే శిఖరాల నుంచి జారే సెలయేళ్ళ సమూహాలలో మాటిమాటికీ పొర్లే ఎడతెగని అలలనే మృదంగాల ధ్వనికి స్ఫుటమైన నాట్యానికి అనుకూలంగా విచ్చుకున్న పింఛాలు గల నెమళ్ళ సమూహము కలదియు…” ఇది తప్పు కాదు, ప్రతిపదార్థంగా బాగుంటుంది. కానీ సగానికి వచ్చేసరికి విద్యార్థి మొదటి సగం మరిచిపోతాడు.

పని చేసేది మారిన చోట విరవండి. ఇక్కడ పనిచేసేవి మూడు: నీరు, నెమళ్ళు, ఏనుగులు. కాబట్టి మూడు ముక్కలు. తెలుగు వాక్యంలోనూ విశేషణాలు ముందే వస్తాయి కాబట్టి ఒక్కో ముక్క లోపల కవి పెట్టిన వరసనే దాదాపు ఉంచేయవచ్చు. అయితే రెండు ముక్కలు కలిసే చోట, ముందు వాక్యం చివరి మాటను తరవాతి వాక్యం మొదట్లో మళ్ళీ తీసుకోవాలి. “…ఆ అలలే మృదంగాలు. ఆ మృదంగాల మోతకు…” ఇలా. ఈ మాట మళ్ళీ రావడం వల్ల పోయేదేం లేదు, సమాసం చేసిన పనిని వచనంలో ఇది చేస్తుంది.

‘కాంచె’ను ఎక్కడ పెట్టాలన్నది ఇంకో నిర్ణయం. పద్యంలో ‘చూశాడు’ మొదట్లోనే వచ్చేసింది, ఏం చూశాడో మాత్రం చిట్టచివరి మాటదాకా రాదు. ఆ మధ్యలో మనం నీటిని చూస్తాం, మోత వింటాం, పురులు చూస్తాం, చెట్లు ఊగడం చూస్తాం. అప్పుడుగానీ కొండ మొత్తంగా నిలబడదు. “ప్రవరుడు హిమాలయాన్ని చూశాడు” అని మొదలుపెడితే ఇదంతా పోతుంది. అందుకే నేను ‘చూశాడు’ను ముందు ఒంటరిగా వదిలి, కొండ పేరును చివరికి ఉంచుతాను. మామూలు తెలుగు వాక్యానికి ఇది కొంచెం తేడాగా ఉన్నా పిల్లలకు ఇబ్బంది కాదు. ఏం చూశాడా అని వాళ్ళే అడుగుతారు.

నాలుగో పని: రూపకాన్ని రూపకంగా ఉంచడం, లేనిదాన్ని చేర్చకపోవడం

‘తరంగ మృదంగ’ దగ్గర చేయి జారడం సులువు. “అలల చప్పుడు మృదంగంలా ఉంది” అని రాయాలనిపిస్తుంది. అది ఉపమ. కవి ‘లా’ అనలేదు, అలలే మృదంగాలన్నాడు. తేడా ఎందుకంటే, తరవాత నెమళ్ళు ఆడేది నిజమైన మృదంగానికి ఆడినట్టే. పోలిక అని చెప్పేస్తే వాటి ఆటకు ఆధారం పలచబడుతుంది. “ఆ అలలే మృదంగాలు” అన్న మూడు మాటల వాక్యం చాలు.

అలాగే ‘అంబరచుంబి’ని “చాలా ఎత్తైన” అని తేల్చేయకండి. ‘ఆకాశాన్ని ముద్దాడే’ అంటే పిల్లలకు అర్థం కాకపోదు. అర్థమయ్యే బొమ్మను చెరిపి దాని స్థానంలో కొలతను పెట్టవలసిన అవసరం లేదు.

చేర్చడం వల్ల వచ్చే నష్టం ఇంకో రకం. ఈ పద్యానికి “అలల చప్పుడును ఉరుములనుకుని భ్రమపడి నెమళ్ళు ఆడాయి” అని రాసేవాళ్ళున్నారు. దానికి కారణం లేకపోలేదు. మబ్బు ఉరిమితే నెమలి ఆడుతుందన్నది కవిసమయం. మృదంగధ్వనిని మేఘధ్వనితో పోల్చడం సంస్కృత కావ్యాల్లో ఉన్నదే. ఈ సంగతి తెలియకపోతే మృదంగానికి నెమలి ఎందుకు ఆడాలో విద్యార్థికి అర్థం కాదు కూడా. కానీ పద్యంలో మేఘం లేదు, భ్రమ లేదు. నెమళ్ళు మోసపోయినట్టు రాస్తే, వాద్యానికి తగ్గ నాట్యం అన్న గౌరవం వాటికి దక్కదు. కవిసమయాన్ని విశేషంగా కింద రాయండి, పద్యార్థంలోకి తేకండి.

‘భంగం’ అన్న మాటకు అల అనే అర్థం కూడా ఉంది. ‘అభంగ తరంగ’లో ఆ చమత్కారం వినిపిస్తుంది. అదీ కింద చెప్పవలసిందే. వచనంలో ‘ఎడతెగని అలలు’ అంటే సరిపోతుంది.

రాసిన వచనం

“అక్కడికి వెళ్ళి ఆ బ్రాహ్మణుడు చూశాడు. ఆకాశాన్ని ముద్దాడే శిఖరాల మీంచి గుంపులు గుంపులుగా సెలయేళ్ళు జారుతున్నాయి. వాటిలో ఎడతెగని అలలు మళ్ళీ మళ్ళీ పొర్లుతున్నాయి. ఆ అలలే మృదంగాలు. ఆ మృదంగాల మోతకు నెమళ్ళ గుంపులు, ఆటకు తగ్గట్టుగా పురులు నిండా విప్పుకుని, తేటతెల్లంగా నాట్యమాడుతున్నాయి. చరియల్లో తిరిగే ఏనుగుల తొండాలు తాకి చెట్లు కదిలిపోతున్నాయి. అతడు చూసింది అలాంటి చలికొండను, హిమాలయాన్ని.”

ప్రవరుడి పేరు సందర్భంలో చెప్పేశాం కాబట్టి ఇక్కడ ‘ఆ బ్రాహ్మణుడు’ అని కవి వాడిన మాటకు దగ్గరగా ఉంచాను. ‘పరిఫుల్ల కలాప’కు ‘వికసించిన పింఛములు’ అనే బదులు ‘పురులు నిండా విప్పుకుని’ అన్నాను, నెమలికి తెలుగులో ఉన్న మాట అది. మృదంగాన్ని మాత్రం మార్చలేదు. దాన్ని డప్పు అనో వాద్యం అనో అంటే నాట్యంతో దాని పొత్తు పోతుంది. ‘ఝరి’కి నది అనకూడదు. ఇవి కొండ మీంచి జారే నీళ్ళు.

ఐదో పని: వెనక్కి సరిచూసుకోవడం

రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. పద్యంలోని ప్రతి మాటకూ వచనంలో సాటి మాట ఉందో లేదో చూసి, ఉన్నదానికి ఒక రంగు గీత పెట్టండి. తరవాత వచనంలో మిగిలిపోయిన మాటలకు రెండో రంగు పెట్టండి. ఆ రెండో రంగువన్నీ మీరు చేర్చినవి. పై వచనంలో ‘వాటిలో’, ‘ఆ’, ‘అలాంటి’ లాంటి అతుకుమాటలూ, ‘హిమాలయాన్ని’ అన్న వివరణా తేలతాయి. అవి ఉండొచ్చు. “మనసుకు ఆహ్లాదం కలిగించే”, “ఎంతో అందమైన” లాంటివి తేలితే కొట్టేయండి. అందంగా ఉందని కవి ఎక్కడా అనలేదు, చూపించాడు. ‘లయబద్ధంగా అడుగులు వేస్తూ’ అని రాయాలనిపిస్తుంది, అదీ రెండో రంగే. పద్యంలో అడుగుల్లేవు.

రెండో పరీక్ష పిల్లల మీద. వచనం చదివించి, పద్యం చూడకుండా జవాబు చెప్పమనండి: నెమళ్ళు ఎందుకు ఆడుతున్నాయి? మోత ఎక్కడిది? చెట్లను కదిలించింది ఏది? “ఎందుకు”కు జవాబు రాకపోతే వచనంలో గొలుసు తెగిందన్నమాట. “నెమళ్ళు సంతోషంతో ఆడుతున్నాయి” అన్న జవాబు వస్తే, మోతకూ ఆటకూ మధ్య మీ వాక్యం వదులుగా ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని తిరగరాయండి, మొత్తాన్ని కాదు.

వచనం పట్టుకోలేనిది ఒకటుంది, శబ్దం. ‘తరంగ మృదంగ’ అన్నప్పుడు వచ్చే దెబ్బలు, ‘కటక చరత్కరేణు కర కంపిత’లో వరసగా పడే కకారాలు తాత్పర్యంలోకి రావు. తెద్దామని వచనంలో ప్రాసలు పేరిస్తే అర్థం మసకబారుతుంది. వచనం అర్థమయ్యాక పద్యాన్ని మళ్ళీ పైకి చదివించండి. ఇప్పుడు ఏ మోత ఎక్కడ వస్తోందో వాళ్ళకు తెలుసు కాబట్టి చెవికి పని దొరుకుతుంది.

ఇదే వచనాన్ని చిన్న తరగతులకు తగ్గించవలసి వస్తే కొన్ని మాటలు వదులుకోవచ్చు. ‘పటల’ పోయినా సెలయేళ్ళు బహువచనంలో ఉన్నాయి. ‘స్ఫుట’ పోయినా నాట్యం మిగులుతుంది. ‘చరత్’ను వదిలి ‘చరియల్లో ఏనుగులు’ అన్నా చెల్లుతుంది. మృదంగాన్నీ, ‘మళ్ళీ మళ్ళీ’నీ, ‘తగ్గట్టుగా’నీ మాత్రం వదలకండి. మొదటిది మోతకు పేరు, రెండోది దాని తాళం, మూడోది ఆ తాళంతో నెమలి పురికి ఉన్న సంబంధం.